బోనస్ పడింది.. ఒకేసారి వేయాలా, నెలనెలా వేయాలా?

దసరాకు వారం పది రోజుల ముందు తెనాలి జంక్షన్‌లో పనిచేసే రైల్వే ఉద్యోగులంతా ఒక ప్రకటన కోసం చూస్తుంటారు. 78 రోజుల బోనస్. చాలా ఏళ్లుగా ఆ రోజుల లెక్క మారలేదు. 2025లో పండగ అక్టోబరు 2న వస్తే, సెప్టెంబరు 24న కేంద్ర మంత్రివర్గం దీనికి ఆమోదం తెలిపింది. 78 రోజులంటే రెండున్నర నెలల జీతం చేతికొస్తుందని బయటివాళ్లు అనుకుంటారు. అంత రాదు. బోనస్ లెక్క కట్టేటప్పుడు నెల జీతాన్ని 7,000 రూపాయలకు మించి తీసుకోరు. ఏడాదికి 84,000. దాన్ని 365తో భాగించి 78తో హెచ్చవేస్తే వచ్చేది 17,951 రూపాయలు. పాయింట్స్‌మన్‌కైనా, లోకో పైలట్‌కైనా, స్టేషన్ మాస్టర్‌కైనా గరిష్ఠం అదే.

ఈ పద్దెనిమిది వేలలో ఎక్కువ భాగం బోస్ రోడ్డు బట్టల కొట్లకీ, బంగారం కొట్లకీ చేరుతుంది. పండగ పండగే కదా, అందులో తప్పేమీ లేదు. కానీ ఈ పదేళ్లలో కొత్త ప్రశ్న ఒకటి ఇళ్లలోకి వచ్చింది. చాలామంది ఉద్యోగులకు ఇప్పుడు నెలకు వెయ్యో, రెండు వేలో మ్యూచువల్ ఫండ్ సిప్ నడుస్తోంది. దేశం మొత్తం మీద సిప్‌ల ద్వారా వచ్చే సొమ్ము 2024 ఏప్రిల్‌లో మొదటిసారి నెలకు 20 వేల కోట్ల రూపాయలు దాటింది. అందుకే బోనస్ ఖాతాలో పడగానే ఇంట్లో చర్చ మొదలవుతుంది. ‘మొత్తం ఒక్కసారే ఫండ్‌లో వేసేద్దామా? నెలకు పదిహేను వందల చొప్పున ఏడాది పొడవునా వేద్దామా?’

ఇక్కడ రెండు ప్రశ్నలు కలగాపులగం అవుతున్నాయి. జీతంలోంచి నెలనెలా వేసే సిప్‌కు పోటీగా ‘ఒకేసారి’ అనే మార్గమే లేదు. వచ్చే మార్చి జీతం ఈ అక్టోబరులో మన దగ్గర ఉండదు. వచ్చిన జీతాన్ని వచ్చినట్టు పొదుపు చేస్తున్నాం, అంతే. మొత్తం సొమ్ము ముందే చేతిలో ఉన్నప్పుడే అసలు ప్రశ్న పుడుతుంది. బోనస్, ఎరియర్లు, పాడుకున్న చీటీ, అమ్మిన పొలం, రిటైర్మెంట్ సొమ్ము లాంటివన్నమాట. అప్పుడు నెలనెలా వేయడమంటే పొదుపు చేయడం కాదు. చేతిలో ఉన్న డబ్బును మార్కెట్లోకి వెళ్లకుండా కొంతకాలం బయట ఆపి ఉంచడం. ఆ ఆపడానికి ఒక ధర ఉంది, దానివల్ల ఒక రక్షణా ఉంది. ఆ ధర ఎంత, ఆ రక్షణ ఎంత అన్నదే లెక్క.

ముందు తెనాలి బోనస్‌నే చూద్దాం. లెక్క తేలిగ్గా ఉండటానికి 18,000 అనుకుందాం. మార్కెట్ ఏడాదిలో 12 శాతం పెరిగిందనుకుంటే, ఒకేసారి వేసినవారి సొమ్ము ఏడాది తిరిగేసరికి 20,160 అవుతుంది. నెలకు 1,500 చొప్పున వేసినవారికి, మిగతాది సేవింగ్స్ ఖాతాలో రెండున్నర శాతం వడ్డీకి ఉందనుకుంటే, మొత్తం 19,350 దాకా వస్తుంది. తేడా దాదాపు 800 రూపాయలు. ఇప్పుడు చెడ్డ ఏడాది చూద్దాం. మార్కెట్ నెలనెలా కుంగుతూ ఏడాదికి 30 శాతం పడిపోయిందనుకోండి. ఒకేసారి వేసినవారి దగ్గర 12,600 మిగులుతాయి. విడతలుగా వేసినవారి దగ్గర దాదాపు 15,100 ఉంటాయి. ఈసారి తేడా 2,500, అదీ విడతల వైపు.

మంచి ఏడాదిలో పోయేది 800, చెడ్డ ఏడాదిలో దక్కేది 2,500 అంటే విడతలే మేలనిపిస్తుంది. కానీ మంచి ఏడాదులూ చెడ్డ ఏడాదులూ సమానంగా రావు. అమెరికా ఫండ్ సంస్థ వ్యాన్‌గార్డ్ 2012లో అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా మార్కెట్ల పాత లెక్కలు తీసి, చేతిలో ఉన్న సొమ్మును వెంటనే పెట్టడాన్నీ, ఏడాదిపాటు విడతలుగా పెట్టడాన్నీ పోల్చింది. మూడింట రెండుసార్లు ఒకేసారి పెట్టినవాళ్లే ముందున్నారు. ఇందులో వింతేమీ లేదు. మార్కెట్లు పడిన కాలం కంటే పెరిగిన కాలమే ఎక్కువ. కాబట్టి బయట ఆగిన డబ్బు ఎక్కువసార్లు నష్టపోతుంది.

అయినా విడతలను కొట్టిపారేయలేం. మూడింట ఒక వంతు సార్లు ఏం జరుగుతుందో చూడాలి, అది ఎవరికి జరుగుతుందో కూడా చూడాలి. పద్దెనిమిది వేల బోనస్‌ను వదిలి, అదే ఉద్యోగి పదవీ విరమణ చేసే రోజుకు వెళ్దాం. గ్రాట్యుటీ, సెలవుల సొమ్ము, పింఛను కమ్యుటేషన్ అన్నీ కలిపి వచ్చిన దాంట్లో 18 లక్షలు పక్కన పెట్టారనుకుందాం. బోనస్‌కు సరిగ్గా వంద రెట్లు. రిటైరైనవారు ఇంత మొత్తాన్ని షేర్లలో పెట్టకూడదు. అందులో పెద్ద భాగం సీనియర్ సిటిజన్ పొదుపు పథకం లాంటి భద్రమైన చోట ఉండాలి. ఆ పథకం పరిమితి కూడా 2023 ఏప్రిల్ నుంచి 30 లక్షలకు పెరిగింది. అయినా లెక్క కోసం మొత్తం సొమ్ము సెన్సెక్స్‌తోపాటే కదిలే ఫండ్‌లో పెట్టారనుకుందాం. డివిడెండ్లనూ ఖర్చులనూ పక్కన పెడదాం.

ఇద్దరు ఉద్యోగులను ఊహించుకోండి. ఒకరి చేతికి సొమ్ము 2008 జనవరి చివర్లో వచ్చింది, ఇంకొకరికి సరిగ్గా ఏడాది తర్వాత 2009 జనవరి చివర్లో వచ్చింది.

2008 జనవరి చివరి రోజున సెన్సెక్స్ దాదాపు 17,650. అప్పటికే జనవరి 8 నాటి 20,873 నుంచి మూడు వేల పాయింట్లు దిగింది. చౌకగా దొరుకుతోందని చాలామందికి అనిపించిన సమయం అది. ఆ ఏడాది అక్టోబరు చివరికి సూచీ 9,788కి, నవంబరు చివరికి 9,093కి వచ్చింది. మొదటి ఉద్యోగి ఆ జనవరిలోనే మొత్తం పెట్టి ఉంటే కొన్న ధర 17,650. జనవరి నుంచి డిసెంబరు దాకా ప్రతి నెలాఖరునా లక్షన్నర చొప్పున పెట్టి ఉంటే, ధర తగ్గినప్పుడల్లా ఎక్కువ యూనిట్లు వచ్చి, సగటు కొనుగోలు ధర 13,300 దగ్గర తేలుతుంది.

ఇక రెండో ఉద్యోగి. 2009 జనవరి చివర్లో సూచీ 9,424. అప్పుడు షేర్ల పేరెత్తితేనే జనం భయపడేవారు. ఆ రోజు ధైర్యం చేసి మొత్తం పెట్టి ఉంటే కొన్న ధర 9,424. భయపడి పన్నెండు విడతలుగా పెట్టి ఉంటే, మార్కెట్ ఆ ఏడాది బాగా పెరిగింది కాబట్టి సగటు ధర 13,160 అయ్యేది. ఆ ఏడాది మే 18న, లోక్‌సభ ఎన్నికల ఫలితాలు వచ్చిన తర్వాతి తొలి ట్రేడింగ్ రోజున, సెన్సెక్స్ ఒక్కరోజే 2,110 పాయింట్లు, అంటే 17 శాతం పైన పెరిగింది. విడతలవారి సొమ్ములో సగం పైన ఆ రోజు బ్యాంకులోనే ఉంది.

2010 డిసెంబరు చివరికి సెన్సెక్స్ 20,509. ఆ రోజున ఈ ఇద్దరి పరిస్థితి చూడండి. 2008లో ఒకేసారి పెట్టిన 18 లక్షలు 20.9 లక్షలయ్యేవి, విడతలుగా పెడితే 27.8 లక్షలు. 2009లో ఒకేసారి పెట్టినవి 39.2 లక్షలు, విడతలుగా పెడితే 28.1 లక్షలు.

ఈ నాలుగు అంకెల దగ్గర కాసేపు ఆగాలి. విడతలుగా పెట్టిన ఇద్దరికీ దాదాపు ఒకే ఫలితం వచ్చింది. ఒకరు మార్కెట్ కూలే ఏడాదిలో మొదలుపెట్టారు, ఇంకొకరు లేచే ఏడాదిలో. అయినా తేడా ముప్పై వేలే. ఒకేసారి పెట్టిన ఇద్దరి మధ్య తేడా పద్దెనిమిది లక్షల పైమాటే. పద్దెనిమిది లక్షల పెట్టుబడి మీద అంత తేడా, అదీ కేవలం పుట్టిన తేదీ ఏడాది అటో ఇటో కావడం వల్ల. రిటైరయ్యే తేదీని మనం ఎంచుకోలేం, సర్వీసు రిజిస్టరులో రాసిన పుట్టిన తేదీయే దాన్ని నిర్ణయిస్తుంది. విడతలు ఎక్కువ లాభం తెస్తాయన్నది అబద్ధం. అవి తెచ్చేది వేరే. ఒక తేదీ అదృష్టం మీద మన సొమ్మంతా ఆధారపడకుండా చూస్తాయి. ఆ రక్షణకు అయ్యే ఖర్చు 2009లో పదకొండు లక్షల లాభాన్ని వదులుకోవడం. 2008లో అదే రక్షణ ఏడు లక్షలు కాపాడింది.

కాబట్టి బోనస్ వచ్చినవారు వేసుకోవాల్సిన ప్రశ్న మార్కెట్ పెరుగుతుందా, పడుతుందా అన్నది కాదు. దానికి జవాబు ఎవరి దగ్గరా లేదు. ఫండ్లలో నాకున్న మొత్తం సొమ్ములో ఎంత భాగం ఈ ఒక్క రోజు ధర మీద ఆధారపడబోతోంది? ఈ ప్రశ్నకు జవాబు పాస్‌బుక్‌లోనూ ఫండ్ స్టేట్‌మెంట్‌లోనూ దొరుకుతుంది.

ఈ కొలతతో చూస్తే తెనాలి బోనస్ చాలా తేలిక. ఏటా దసరాకు వచ్చే పద్దెనిమిది వేలను ఏటా వచ్చిన రోజే ఫండ్‌లో వేసే ఉద్యోగి, ఇరవై ఏళ్ల సర్వీసులో ఇరవై వేర్వేరు దసరాల ధరలకు కొంటాడు. అంటే అది ఏడాదికోసారి కట్టే సిప్పే. ఒక దసరాకు మార్కెట్ శిఖరం మీద ఉంటే మరో దసరాకు గుంటలో ఉంటుంది. తేదీల అదృష్టం అలాగే చెదిరిపోతుంది. దాన్ని మళ్లీ పన్నెండు ముక్కలు చేస్తే అదనంగా వచ్చే రక్షణ చాలా తక్కువ. పైగా సేవింగ్స్ ఖాతాలో ఆగిన పద్నాలుగు, పదిహేను వేలు సంక్రాంతి దాకా ఉంటాయని ఏ ఇంట్లోనూ హామీ లేదు. గ్యాస్ స్టవ్వో, బడి ఫీజో, బంధువుల పెళ్లో వస్తుంది. ఆ నెల విడత తప్పుతుంది, తర్వాతి నెల అసలు గుర్తుకే రాదు. చిన్న బోనస్ విషయంలో నా అభిప్రాయం స్పష్టంగానే ఉంది. పండగ ఖర్చుకు తీయాల్సింది ముందే తీసేయండి. మిగిలింది ఆ వారమే, నడుస్తున్న సిప్ ఫండ్‌లోనే, అదే ఫోలియోలో అదనపు కొనుగోలుగా వేసేయండి. కొత్త ఫండ్ వెతకాల్సిన పని లేదు.

దానికంటే ముందు చూడాల్సింది ఒకటుంది. డెల్టా ఊళ్లలో చేబదుళ్లు ఇప్పటికీ నూటికి రెండు రూపాయల వడ్డీ మీదే నడుస్తున్నాయి. అంటే ఏడాదికి 24 శాతం. ప్రామిసరీ నోటు మీద పద్దెనిమిది వేల బాకీ ఉన్నవారు బోనస్‌తో దాన్ని తీర్చేస్తే నెలకు 360, ఏడాదికి 4,320 రూపాయలు మిగులుతాయి. అది ఖాయం. ఫండ్‌లో పెడితే మంచి ఏడాదిలో కూడా రెండు వేలే అనుకున్నాం. నోటు ఇంట్లో ఉండగా ఒకేసారా, విడతలా అన్న చర్చ అనవసరం.

చీటీ సంగతీ అంతే. నెలకు ఐదు వేల చొప్పున ఇరవై నెలల లక్ష రూపాయల చీటీలో ఐదో నెలలో పాట పాడి, పాతిక వేలు తగ్గించుకుని 75 వేలు చేతికి తెచ్చుకుని, ‘మార్కెట్ పడింది, ఇదే సమయం’ అని ఫండ్‌లో పెట్టేవారున్నారు. చేతికొచ్చింది బోనస్ కాదు, అప్పు. ఇంకా పదిహేను నెలలు వాయిదాలు కట్టాలి. 1982 చట్టం కింద రిజిస్టరై నడిచే చీటీ అయినా, ముందుగా పాడుకున్నవారికి అది వడ్డీకి తెచ్చిన డబ్బే. ఆ డబ్బుతో షేర్ మార్కెట్లోకి వెళ్లకూడదు. చీటీ చివరిదాకా ఉంచి, తక్కువ తగ్గింపుతో వచ్చిన సొమ్ము అయితే దాన్ని బోనస్‌గానే లెక్కించవచ్చు.

బాపట్లలో ఈ ప్రశ్న ఇంకో రూపంలో వస్తుంది. ఇక్కడ పెరిగి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పిల్లలకు ఏడాదికోసారి వేరియబుల్ పే వస్తుంది. పన్ను కోత పోను మూడు లక్షలు చేతికొచ్చాయనుకుందాం. ఇంటి దగ్గర తల్లిదండ్రుల మాట సూర్యలంక రోడ్డు వైపు నాలుగు సెంట్ల స్థలం మీద ఉంటుంది. అది వేరే చర్చ. ఫండ్‌లోనే పెట్టాలనుకుంటే ఇందాకటి కొలతే పనికొస్తుంది. ఎనిమిదేళ్లుగా సిప్ కడుతూ ఫండ్లలో ఇప్పటికే ఇరవై లక్షలున్న అమ్మాయికి మూడు లక్షలంటే మొత్తంలో ఎనిమిదో వంతు. అది ఏ రోజు ధరకు వెళ్లినా పెద్ద తేడా రాదు, ఒకేసారి వేయవచ్చు. ఉద్యోగంలో చేరి రెండేళ్లయి, ఇదే మొదటి పెట్టుబడి అయిన అబ్బాయికి ఆ మూడు లక్షలే సర్వస్వం. అతను మూడు నుంచి ఆరు విడతల్లో వేస్తే నష్టం లేదు. అతని విషయంలో లెక్కను మించిన సంగతి కూడా ఒకటుంది. వేసిన నెలకే ఇరవై శాతం పడిపోతే, మొదటిసారి పెట్టినవారు ఎక్కువమంది తీసేసుకుని మళ్లీ ఆ వైపు చూడరు. ఆ ఒక్క పొరపాటు విడతల వల్ల పోయే ఏ లాభం కంటే పెద్దది.

విడతలుగా వేయాలని నిర్ణయించుకుంటే సొమ్మును సేవింగ్స్ ఖాతాలో వదలకూడదు. దానికి ఎస్‌టీపీ అనే మార్గముంది. మొత్తం డబ్బును ముందు ఒక లిక్విడ్ ఫండ్‌లో వేసి, అక్కడి నుంచి ప్రతి నెలా ఒక తేదీన నిర్ణయించిన మొత్తం ఈక్విటీ ఫండ్‌లోకి మారేలా ఒకేసారి దరఖాస్తు ఇవ్వాలి. రెండు ఫండ్లూ ఒకే కంపెనీవై ఉండాలి, వేర్వేరు కంపెనీల మధ్య ఎస్‌టీపీ కుదరదు. లిక్విడ్ ఫండ్‌లో మొదటి ఆరు రోజుల్లో తీస్తే చిన్న ఎగ్జిట్ లోడ్ ఉంటుంది, కాబట్టి మొదటి బదిలీ ఏడు రోజుల తర్వాత పెట్టుకోవాలి. ప్రతి బదిలీ పన్ను లెక్కలో లిక్విడ్ ఫండ్ అమ్మకం కిందే వస్తుంది. దాని మీద వచ్చిన కాస్త లాభం మన ఆదాయంలో కలిసి శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. మన తెనాలి లెక్కలో సేవింగ్స్‌కు బదులు ఆరు శాతం ఇచ్చే లిక్విడ్ ఫండ్ అనుకుంటే, మంచి ఏడాదిలో విడతలవారు పోగొట్టుకునే 800 కాస్తా 500కి తగ్గుతుంది. విడతల సంఖ్య ఏడాది దాటకూడదు. మూడేళ్లపాటు ఎస్‌టీపీ పెట్టడమంటే మూడేళ్లు మార్కెట్ బయట కూర్చోవడమే.

రేపల్లె వైపు వెళ్తే లెక్క తలకిందులవుతుంది. ఇక్కడ నెలజీతం లేని ఇళ్లే ఎక్కువ. కాలువ నీళ్లు వదిలాక జూలై, ఆగస్టుల్లో వరి నాట్లు, నవంబరు, డిసెంబరుల్లో కోతలు. వరి మాగాణిలోనే చల్లిన మినుములు ఫిబ్రవరి, మార్చిలో చేతికొస్తాయి. ఏడాదికి రెండుసార్లే డబ్బు కంట పడుతుంది. ఈ ఇళ్లలో పిల్లలో, ఏజెంటో ‘అందరూ చేస్తున్నారు’ అని నెలకు మూడు వేల సిప్ ప్రతి నెల ఐదో తేదీకి పెట్టిస్తారు. జనవరిలో, ఏప్రిల్‌లో బాగానే పోతుంది. ఆగస్టులో, సెప్టెంబరులో ఖాతాలో డబ్బుండదు. మాండేట్ వెనక్కి వస్తుంది, బ్యాంకు ప్రతిసారీ జరిమానా కోస్తుంది. వరుసగా మూడు నెలసరి వాయిదాలు తప్పితే ఫండ్ కంపెనీ ఆ సిప్‌ను రద్దు చేస్తుంది. రైతు దృష్టిలో మిగిలేది ‘సిప్‌లో డబ్బు పోయింది’ అన్న మాట. పోయింది నిజానికి బ్యాంకు జరిమానాలు.

రైతు ఇంట్లో పంట డబ్బు పడ్డ రోజే తర్వాతి సార్వాకు ఎరువులు, నాట్లు, కూలీలు, కౌలు, ఇంటి ఖర్చు అన్నిటికీ పక్కన తీయాలి. ఆ సొమ్ము ఏ ఈక్విటీ ఫండ్‌లోకీ పోకూడదు. జూలైలో మార్కెట్ ఎక్కడుంటుందో తెలియదు, కాలువకు నీళ్లు వదలడం మాత్రం ఆగదు. కౌలు కట్టే రైతులకు అన్నీ పోను మిగిలేది చాలా ఏళ్లు ఏమీ ఉండదు. అలాంటప్పుడు ఈ చర్చ వారికి వర్తించదు, వర్తిస్తుందని నమ్మించడం అన్యాయం. సొంత పొలం ఉండి, మినుముల డబ్బులోంచి అరవై వేలు ఐదారేళ్లపాటు అక్కర్లేని సొమ్ముగా మిగిలినవారికి మాత్రం రెండు దారులున్నాయి. ఏటా పంట డబ్బు వచ్చినప్పుడే, నెలజీతగాడి బోనస్‌లాగా, ఒకేసారి వేయడం మొదటిది. అరవై వేలను లిక్విడ్ ఫండ్‌లో ఉంచి నెలకు ఐదు వేల ఎస్‌టీపీ పెట్టుకోవడం రెండోది. రెండో దారిలో బ్యాంకు మాండేట్ అవసరమే ఉండదు కాబట్టి జరిమానా భయం లేదు. పైగా నడుమ పురుగు పట్టి మందులు కొట్టాల్సి వచ్చినా, పంట మునిగినా, ఎస్‌టీపీ ఆపేసి మిగిలిన లిక్విడ్ సొమ్ము ఒకటి రెండు పనిదినాల్లో ఖాతాలోకి తెచ్చుకోవచ్చు. డెల్టా రైతుకు ఈ రెండో దారే నాకు మంచిదనిపిస్తుంది. విడతల వల్ల వచ్చే సగటు ధర కంటే, అవసరానికి చేతికందే ఆ మిగులు సొమ్మే దానికి కారణం.

నెలవారీ సిప్ గురించి ఒక భ్రమను కూడా తొలగించాలి. విడతలు తేదీ ప్రమాదం నుంచి కాపాడతాయన్నాను. ఆ కాపుదల మొదటి కొన్నేళ్లకే. నెలకు 1,500 చొప్పున పదేళ్లు కట్టి, ఏడాదికి 12 శాతం పెరిగిందనుకుంటే దాదాపు 3.36 లక్షలు పోగవుతాయి. అప్పుడు మార్కెట్ 30 శాతం పడితే లక్ష రూపాయలు తగ్గిపోతాయి. ఆ నెల చౌకగా కొనే కొత్త విడత విలువ 1,500. లక్ష తరుగుదల ముందు అదెంత? పదేళ్ల సిప్ అంటే అప్పటికి మార్కెట్లో ఉన్న పెద్ద లంప్‌సమ్మే, ఏ పేరుతో పిలిచినా. ఈ సంగతి ఎవరూ చెప్పకపోవడం వల్లే, 2024 సెప్టెంబరు శిఖరం తర్వాత మార్కెట్ దిగినప్పుడు సిప్ ఉంటే నష్టం రాదనుకున్నవాళ్లు బెదిరిపోయారు. 2025 జనవరిలో దేశం మొత్తం మీద కొత్తగా మొదలైన సిప్‌ల కంటే ఆగిపోయిన సిప్‌లే ఎక్కువ. చౌకగా కొనే నెలల్లోనే కొనడం మానేస్తే, విడతల లెక్కలో ఉన్న ఒకే ఒక్క ప్రయోజనం కూడా పోతుంది. 2008 లెక్కలో సగటును 13,300కి దించింది అక్టోబరు, నవంబరు, డిసెంబరు విడతలే. ఆ మూడూ ఆపేసి ఉంటే సగటు ధర పదిహేను వేలకు దగ్గరగా ఉండేది.

కాబట్టి డబ్బు పెట్టేటప్పుడు పాటించిన జాగ్రత్త తీసేటప్పుడూ ఉండాలి. ఆ వైపు చర్చ దాదాపు జరగదు. అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజుకు 2029 జూలైలో నాలుగు లక్షలు కావాలనుకుందాం. ఆ జూలైలోనే ఒకేసారి తీస్తే, 2008 జనవరిలో ఒకేసారి పెట్టినవారి పరిస్థితే ఎదురుకావచ్చు. ఏడాదిన్నర ముందు నుంచే, అంటే 2028 జనవరి నుంచి, ఈక్విటీ ఫండ్ నుంచి లిక్విడ్ ఫండ్‌లోకి ఎస్‌టీపీని వెనక్కి నడిపించాలి. నెలకు ఇరవై మూడు వేల చొప్పున బదిలీ అయితే పద్దెనిమిది నెలల్లో ఫీజు సొమ్ము భద్రమైన చోటికి చేరుతుంది. ఇందులో పన్ను లాభం కూడా ఉంది. ఏడాది దాటిన ఈక్విటీ యూనిట్ల మీద ఒక ఆర్థిక సంవత్సరంలో 1.25 లక్షల రూపాయల దాకా లాభానికి పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. ఏడాదిలోపు తీస్తే 20 శాతం. సిప్‌లో ప్రతి విడతకూ ఏడాది లెక్క విడిగా మొదలవుతుంది. ముందు కొన్న యూనిట్లే ముందు అమ్ముడవుతాయి కాబట్టి పాత విడతలు మొదట బయటికొస్తాయి. గత పన్నెండు నెలల విడతలు మాత్రం ఏడాది నిండేదాకా ముట్టుకోకూడదు, వాటికి చాలా ఫండ్లలో ఒక శాతం ఎగ్జిట్ లోడ్ కూడా ఉంటుంది. పద్దెనిమిది నెలల బదిలీ 2027-28 చివరి మూడు నెలలు, 2028-29 మొత్తం, 2029-30 మొదటి మూడు నెలలు, ఇలా మూడు ఆర్థిక సంవత్సరాల మీద పడుతుంది. నాలుగు లక్షల్లో సగం లాభమే అనుకున్నా, వేరే లాభాలేవీ లేకపోతే 2028-29లో మాత్రమే 1.25 లక్షల గీతను కాస్త దాటుతుంది, మిగతా రెండేళ్లలో దాటదు. ఒకే జూలైలో తీసి ఉంటే రెండు లక్షల లాభంలో 75 వేల మీద 12.5 శాతం పన్ను, అంటే 9,375 రూపాయలు, సెస్సు అదనం.